చుక్కలు నీటిబొట్టుగా మారే నాలుగు సెకన్లు

వీడియో ఛానెల్‌లో ప్రతి వీడియోకీ ముందు మారకుండా కనిపించే చిన్న దృశ్యాన్ని వాడుకలో ఇంట్రో అంటారు. అందులో ఛానెల్ పేరు గానీ నినాదం గానీ అక్షరాలుగా రాకుండా, చెల్లాచెదురుగా తిరిగే వందలాది చిన్న చుక్కలు ఒకచోటికి చేరి ఒక సరళమైన ఆకారంగా నిలిచే పద్ధతి ఈ అధ్యాయానికి విషయం. అలా కదిలే ఒక్కొక్క చుక్కను రేణువు అనీ, వాటన్నిటి పుట్టుకనూ కదలికనూ కొన్ని నియమాలతో నడిపే ఏర్పాటును రేణు వ్యవస్థ అనీ పిలుస్తారు. సాగునీటి గురించి చెప్పే ఒక ఛానెల్‌కు నీటిబొట్టు ఆకారంలో నాలుగు సెకన్ల ఇంట్రో తయారుచేయాలని అనుకుని, ఆ ఒక్క ఉదాహరణనే మొదటి నుంచి చివరి దాకా పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

రేణు వ్యవస్థ అనే భావనకు స్పష్టమైన రూపం ఇచ్చినవాడు విలియం రీవ్స్. 1982లో విడుదలైన ‘స్టార్ ట్రెక్’ రెండో చిత్రంలో ఒక గ్రహం మీద అగ్నిగోడ వ్యాపించే దృశ్యం కోసం లూకాస్‌ఫిల్మ్‌లో జరిగిన పనిని ఆధారం చేసుకుని, ఆయన 1983లో ఈ పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం ప్రచురించాడు. నిప్పు, పొగ, మేఘం వంటి వాటికి గట్టి అంచు ఉండదు కాబట్టి వాటిని తలాలుగా గీయడం కంటే, పుట్టి, కొంతకాలం బతికి, మాయమయ్యే వేలాది రేణువుల సమూహంగా చూపడం మేలని అందులోని ప్రధాన ప్రతిపాదన. ఇంట్రో కోసం చేసే పని దీనికి దాదాపు ఎదురు దిశలో సాగుతుంది. రీవ్స్ రేణువులకు పుట్టే చోటు ఉంటుంది గానీ చేరవలసిన చోటు ఉండదు. ఇక్కడ మాత్రం ప్రతి రేణువుకూ గమ్యమే ముందు నిర్ణయమై, బయలుదేరే చోటు ఆ తరువాత వస్తుంది. ఈ తేడాను గుర్తించనివారు ముందు అందమైన సుడులు తయారుచేసి, వాటిని చివరికి ఎలాగోలా ఆకారంలోకి లాగే ప్రయత్నంలో రోజులు పోగొట్టుకుంటారు.

గమ్యం ముందు కావాలంటే ఆకారానికి ఒక కచ్చితమైన వర్ణన కావాలి. నీటిబొట్టుకు చిన్న గణిత సూత్రం సరిపోతుంది. ఫ్రేము, అంటే వీడియోలోని ఒక్కొక్క నిశ్చల చిత్రం, 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు ఉంటుందనుకుని, దాని నడిమధ్యను మూలబిందువుగా తీసుకుని, బొట్టు సగం ఎత్తును 270 పిక్సెళ్లుగా నిర్ణయిస్తే, మొత్తం బొట్టు 540 పిక్సెళ్ల ఎత్తు, సుమారు 380 పిక్సెళ్ల వెడల్పుతో తెరలో సగం ఎత్తును ఆక్రమిస్తుంది. ఒక బిందువు ఈ బొట్టు లోపల ఉన్నదా లేదా అని చెప్పే ప్రమేయం, బ్రౌజరులో నడిచే ఉచిత సాధనమైన p5.jsలో, ఇంత చిన్నది:

```
const R = 270;
function inside(x, y) {
  const t = acos(-y / R);
  return abs(x) < R * sin(t) * pow(sin(t / 2), 1.5);
}
```

ఇందులో `t` అనే కోణం కొన దగ్గర సున్నాతో మొదలై అడుగుకు చేరేసరికి 180 డిగ్రీలకు సమానమవుతుంది, `1.5` అనే ఘాతం కొన ఎంత సన్నగా ఉండాలో నిర్ణయిస్తుంది. దానిని 1 చేస్తే కొన లంబకోణంగా మొద్దుబారుతుంది, 2 చేస్తే సూదిలా సాగుతుంది.

ఈ సూత్రం చేతికి రాగానే చాలామంది చేసే పని, కోణాన్ని సమాన భాగాలుగా విభజించి అంచు వెంబడి చుక్కలు పెట్టడం. అలా చేస్తే కొన దగ్గర చుక్కలు ఒకదానిమీద ఒకటి పేరుకుపోతాయి, పొట్ట దగ్గర మాత్రం దూరదూరంగా పడతాయి. ఎందుకంటే కొన దగ్గర కోణం కొంత మారినా బిందువు దాదాపు కదలదు. బొట్టు కొన మాత్రమే మెరుస్తూ మిగతా అంచు వెలవెలబోతున్నదంటే కారణం ఇదేనని వెంటనే తెలుసుకోవచ్చు. పైగా అంచు ఒక్కటే ఉన్న బొట్టు చిన్న తెరమీద సన్నని గీతగా మిగిలిపోతుంది కాబట్టి, లోపలంతా చుక్కలతో నింపడమే ఇక్కడ తగిన మార్గం.

నింపడంలోనూ ఒక చిక్కు ఉంది. యాదృచ్ఛికంగా చల్లిన చుక్కలు సమంగా పడతాయని మనసు అనుకుంటుంది గానీ, నిజంగా యాదృచ్ఛికమైన చల్లుడులో కొన్నిచోట్ల గుంపులూ కొన్నిచోట్ల బోడి మచ్చలూ తప్పవు. ముగ్గు పెట్టే చేయి చుక్కల మధ్య దూరాన్ని కంటితోనే కొలుచుకున్నట్టు, ఇక్కడ ప్రోగ్రాముకు కనీస దూరం అనే నియమం ఇవ్వాలి: కొత్తగా ఎంచుకున్న బిందువు బొట్టు లోపల ఉండటమే కాక, ఇప్పటికే ఉన్న ప్రతి బిందువుకూ కనీసం 10 పిక్సెళ్ల దూరంలో ఉంటేనే దానిని ఉంచాలి, లేకపోతే వదిలేసి మరొకటి ప్రయత్నించాలి. ఈ బొట్టు వైశాల్యం సుమారు 1,32,000 చదరపు పిక్సెళ్లు కాబట్టి, ఈ పద్ధతిలో సుమారు 900 చుక్కల వరకు ఇమిడినా, ఆ హద్దుకు దగ్గరయ్యే కొద్దీ ఖాళీ దొరకక ప్రోగ్రాము వృథా ప్రయత్నాలతో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. 700 చుక్కలు అడిగితే క్షణాల్లో పూర్తవుతుంది, ఆకారమూ నిండుగానే ఉంటుంది.

700 అనే సంఖ్య తక్కువగా తోచవచ్చు. లక్షల రేణువులు తెరంతా నిండే నమూనాలు చూసి అలవాటైన కంటికి అవి మాత్రమే గొప్పగా కనిపిస్తాయి. కానీ ఇంట్రో చివరికి చేరేది ప్రేక్షకుడి ఫోనుకు, అదీ ఎక్కువసార్లు నిలువుగా పట్టుకున్న ఫోనుకు. 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోను తెరమీద 1920 వెడల్పు వీడియో సగానికి కొంచెం పైగా కుదించుకుపోతుంది. నెట్ నెమ్మదించి 360 వరుసల నాణ్యతకు దిగితే అసలు వీడియోయే మూడో వంతుకు చిన్నదవుతుంది. అప్పుడు 2 పిక్సెళ్ల చుక్క ఒక పిక్సెల్ కంటే చిన్నదై, చుట్టూ ఉన్న చీకటితో కలిసి బూడిద రంగు మసకగా మారిపోతుంది. 5 పిక్సెళ్ల చుక్క అదే పరిస్థితిలో ఒకటిన్నర పిక్సెళ్లుగానైనా మిగులుతుంది. అందువల్ల ఈ ఉదాహరణలో చుక్క వ్యాసం 5 పిక్సెళ్లు, చుక్కల మధ్య కనీస దూరం దానికి రెండింతలు.

గమ్యాలు తేలిన తరువాత బయలుదేరే స్థానాలు నిర్ణయించాలి. 700 బిందువులను తెరంతటా యాదృచ్ఛికంగా చల్లి, ఏ చుక్క ఏ గమ్యానికి పోవాలో కూడా యాదృచ్ఛికంగానే వదిలేస్తే, ఎడమ చివర ఉన్నది కుడి అంచుకూ, కుడి చివర ఉన్నది ఎడమ అంచుకూ పరుగెత్తుతాయి. ఆ దారులన్నీ ఒకదానినొకటి కోసుకుంటూ పోవడంతో సగం దూరంలో తెరమీద ఏ దిశా లేని గజిబిజి మాత్రమే మిగులుతుంది. దీనికి మందు చాలా సులభం. బయలుదేరే బిందువులనూ గమ్యాలనూ ఎడమ నుంచి కుడికి వరుసగా అమర్చి, మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది అని జతచేస్తే, ఎడమవి ఎడమకే, కుడివి కుడికే చేరతాయి. రెండు జాబితాలకూ ఒక్కొక్క `sort` ఆజ్ఞ, అంతే పని; అయినా చూసేవారికి మొత్తం కదలిక స్వభావమే మారినట్టు అనిపిస్తుంది.

అలా అనిపించడానికి కారణం మనుషుల చూపులోనే ఉంది. జర్మన్ మనోవిజ్ఞాని మాక్స్ వెర్థైమర్ 1923లో వివరించిన సూత్రాలలో ఒకటి, ఒకే దిశలో కలిసి కదిలే వాటిని కన్ను ఒకే వస్తువుగా జమకడుతుందన్నది. దీనిని సమగమన సూత్రం అనవచ్చు. పక్కపక్కనున్న చుక్కలు దాదాపు ఒకే వైపు సాగితే, అవి ఇంకా ఏ ఆకారానికీ రాకముందే ఒక ప్రవాహంగా, ఒక పొరగా కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు పోతే అవి చివరి క్షణం వరకూ చుక్కలుగానే మిగులుతాయి.

అందుకే చుక్కలకు సహజమైన ఊగిసలాటను ఇచ్చేటప్పుడు కూడా పొరుగుతనాన్ని కాపాడాలి. ఈ ఊగిసలాటకు సాధారణంగా వాడేది నాయిస్ అనే ప్రమేయం. ఒక బిందువు నుంచి పక్క బిందువుకు విలువ ఒక్కసారిగా దూకకుండా మెల్లగా మారే యాదృచ్ఛికత అది. కెన్ పెర్లిన్ 1980ల తొలి సంవత్సరాల్లో రూపొందించి 1985లో ప్రచురించిన పద్ధతి నుంచి ఈ తరహా ప్రమేయాలన్నీ వచ్చాయి. దానికి చుక్క క్రమసంఖ్యను ఇస్తే ప్రతి చుక్కా సొంతంగా ఊగుతుంది. చుక్క స్థానాన్ని ఇస్తే ఇరుగుపొరుగు చుక్కలు కలిసి ఊగుతాయి, నీటిలో తేలే నాచులాగా. రెండోదే కావలసింది. ఇక్కడ p5.js వాడేవారు గమనించవలసిన చిన్న విషయం ఒకటుంది: దానిలోని `noise` ప్రమేయం రుణసంఖ్యలను ధనసంఖ్యలుగానే తీసుకుంటుంది కాబట్టి, తెర మధ్యను మూలబిందువుగా పెట్టుకున్నప్పుడు ఎడమ సగమూ కుడి సగమూ ఒకేలా ఊగుతూ, చుక్కలు అద్దం పక్కన పెట్టినట్టు జంటగా కదులుతాయి. స్థానానికి ముందుగా ఒక స్థిరసంఖ్య కలిపితే ఈ దోషం పోతుంది.

ఇక మిగిలినది కాలం, ఈ పనిలో నిజమైన నైపుణ్యం ఉన్నదీ అక్కడే. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన నాలుగు సెకన్లకు 120 ఫ్రేములు ఉంటాయి. వాటిని అన్ని చుక్కలకూ ఒకేలా పంచి, అన్నీ ఒకేసారి బయలుదేరి ఒకేసారి చేరేలా చేస్తే, ఆకారం కెమెరా ఫోకస్ కుదిరినట్టు మెల్లగా తేటపడుతుంది తప్ప, ఏర్పడినట్టు ఉండదు. ఫలానా క్షణంలో అది బొట్టు అయిందని చెప్పడానికి అక్కడ ఏ క్షణమూ ఉండదు. ప్రేక్షకుడికి ఇంట్రో గుర్తుండాలంటే అటువంటి క్షణం ఒకటి ఉండాలి. దానిని ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, ఆకారంలో ఏ భాగం దానికి ఆ పేరు తెస్తున్నదో ముందు తేల్చుకోవాలి.

నీటిబొట్టు విషయంలో ఆ భాగం కొన. బొట్టు ఎత్తులో పై పావు భాగాన్ని తీసేసి చూస్తే మిగిలేది కింద గుండ్రంగా, పైన సుమారు 165 పిక్సెళ్ల వెడల్పు మూతితో ఉన్న ఒక కుండ. అది బొట్టని ఎవరూ అనరు. ఆ పై పావులో ఉన్న వైశాల్యం మొత్తంలో ఎనిమిది శాతం కూడా ఉండదు, అంటే 700 చుక్కలలో దాదాపు యాభై మాత్రమే. ఆ యాభై చుక్కలు వచ్చేవరకూ తెరమీద ఉన్నది కుండ, అవి వచ్చిన క్షణాన బొట్టు. కాబట్టి మిగతా 650 చుక్కలు ముందుగా వచ్చి కూర్చోవాలి, ఆ యాభై చివర రావాలి. దీపశిఖ అయితే కూడా కొనే. చంద్రవంక అయితే రెండు కొమ్ములు. ఆకు అయితే తొడిమ. వృత్తానికి ఇటువంటి భాగం ఏదీ లేదు, దానిలో ఏ ముక్కా మిగతా ముక్కలకంటే ఎక్కువ చెప్పదు. అందుకే అన్నిటికంటే తేలికగా తయారయ్యే వృత్తపు ఇంట్రో అన్నిటికంటే తేలికగా మరుపున పడుతుంది.

తెలుగు అక్షరాన్ని ఈ పద్ధతిలో చూపబోయినప్పుడు ఎదురయ్యే కష్టం కూడా ఇదే దృష్టితో చూస్తే అర్థమవుతుంది. ప, ష, వ, మ వంటి అక్షరాలను వేరుచేసేవి చిన్న గీతలు, కొమ్ములు, తలకట్టు తీరు. వాటిని పది పిక్సెళ్ల దూరాన ఉన్న చుక్కలతో పట్టుకోవడం కష్టం, ఫోనులో అయితే దాదాపు అసాధ్యం. అక్షరాలు లేని ఇంట్రోను ఎంచుకోవడం ఈ మాధ్యమం శక్తికి తగిన నిర్ణయం. ఛానెల్ పేరు ఎలాగూ వీడియో కిందే రాసి ఉంటుంది.

కాలాన్ని పంచే లెక్కను ఇప్పుడు సూత్రంగా రాయవచ్చు. కింది పంక్తులలో `g` గమ్యం, `s` బయలుదేరే స్థానం, `h` అనేది గమ్యం ఎత్తు, అడుగున సున్నా, కొన దగ్గర ఒకటి:

```
const h = (R - g.y) / (2 * R);
const t0 = 12 + 24 * h + (h > 0.75 ? 6 : 0);
const k = constrain((frameCount - t0) / 36, 0, 1);
const e = k * k * (3 - 2 * k);
const n = noise(s.x * 0.004 + 10, s.y * 0.004 + 10, frameCount * 0.02);
const x = lerp(s.x, g.x, e) + (n - 0.5) * 80 * (1 - e);
```

నిలువు స్థానానికి కూడా ఇటువంటి పంక్తే, నాయిస్‌కు కలిపే స్థిరసంఖ్య మాత్రం వేరు. దీని ప్రకారం మొదటి 12 ఫ్రేములలో చుక్కలు తమ చోట్లలోనే ఊగుతుంటాయి; తరువాత అడుగున చేరవలసినవి ముందుగా, పైకి చేరవలసినవి వరుసగా ఆలస్యంగా బయలుదేరుతాయి; ఒక్కొక్కటి 36 ఫ్రేములు ప్రయాణిస్తుంది. అందువల్ల బొట్టు అడుగు నుంచి పైకి, పాత్రలో నీరు నిండినట్టు నిండుతుంది. పై పావుకు అదనంగా ఇచ్చిన 6 ఫ్రేముల వల్ల, కుండ 66వ ఫ్రేముకు పూర్తయి, కొన చుక్కలలో మొదటివి 72వ ఫ్రేముకు గానీ రావు. ఆ ఐదో వంతు సెకను ఖాళీని ప్రేక్షకుడు ఖాళీగా గమనించడు, ఏదో రాబోతున్నదన్న ఎదురుచూపుగా అనుభవిస్తాడు. చిట్టచివరి చుక్క 78వ ఫ్రేముకు చేరుతుంది. అక్కడి నుంచి 108 వరకు, పూర్తిగా ఒక సెకను, బొట్టు కదలకుండా నిలవాలి. చివరి 12 ఫ్రేములలో చుక్కల రంగు నేపథ్యంలో కరిగిపోవచ్చు.

నిలిపే ఆ సెకనును తగ్గించాలన్న ఒత్తిడి తయారుచేసేవారికి తప్పక కలుగుతుంది, ఎందుకంటే వారు దానిని అప్పటికే వందసార్లు చూసి ఉంటారు. ఆ ఒత్తిడికి లొంగకూడదు. తగ్గించక తప్పకపోతే మొదటి 12 ఫ్రేముల తేలియాడటాన్ని సగం చేయవచ్చు గానీ, ఆకారం నిలిచే కాలాన్ని కాదు.

`e` అని రాసిన పంక్తి వేగ క్రమాన్ని, అంటే ప్రయాణంలో ఎప్పుడు నెమ్మదిగా, ఎప్పుడు వడిగా పోవాలో, నిర్ణయిస్తుంది. మొదట వడిగా దూకి చివర నెమ్మదించే క్రమం చాలా పాఠాలలో కనిపిస్తుంది గానీ, ఇక్కడ అది పనికిరాదు. 600 పిక్సెళ్ల దూరాన్ని 36 ఫ్రేములలో దాటే చుక్క అలాంటి ఘనాత్మక క్రమంలో మొదటి ఫ్రేములలో 50 పిక్సెళ్ల చొప్పున దూకుతుంది. 5 పిక్సెళ్ల చుక్క తన వ్యాసానికి పదింతలు ఒక్కొక్క అడుగులో దూకితే, కంటికి అది ఒక కదిలే చుక్కగా కాక, అక్కడొకటి ఇక్కడొకటి వెలిగిన వేర్వేరు చుక్కలుగా తోస్తుంది. పైన ఇచ్చిన క్రమం నెమ్మదిగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, మళ్లీ నెమ్మదిస్తుంది. గరిష్ఠ వేగం ఫ్రేముకు 25 పిక్సెళ్లకు మించదు.

ఈ క్రమానికి మరో పర్యవసానం కూడా ఉంది. ప్రయాణ కాలంలో పదో వంతు ఇంకా మిగిలి ఉండగానే చుక్క తన దూరంలో 97 శాతం దాటేస్తుంది. అంటే చివరి చుక్క 78వ ఫ్రేముకు చేరుతుందని లెక్క చెప్పినా, కన్ను బొట్టును 74వ ఫ్రేము ప్రాంతంలోనే పోల్చుకుంటుంది. ఇంట్రోకు ఒక చిన్న గంట మోతో, నీటి చుక్క పడిన చప్పుడో జతచేసేటప్పుడు దానిని 78 దగ్గర కాక 74 దగ్గర, అంటే సుమారు 2.5 సెకన్ల వద్ద ఉంచాలి. నాలుగు ఫ్రేముల తేడా ఎవరి చెవికి తెలుస్తుందని అనుకోవడం సహజమే గానీ, రెండు రకాలుగానూ తయారుచేసి పక్కపక్కన చూస్తే, ఒకదానిలో చప్పుడు బొట్టుదని, మరొకదానిలో చప్పుడు ఎవరో పక్కనుంచి చేసినదని అనిపిస్తుంది.

తయారైన ఫ్రేములను భద్రపరిచే దశలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. సాంద్రత ఎక్కువ ఉన్న కంప్యూటర్ తెరమీద p5.js అడగకుండానే రెట్టింపు పరిమాణంలో చిత్రం తయారుచేస్తుంది కాబట్టి, 1920 అనుకున్నది 3840గా వస్తుంది. ప్రారంభంలో `pixelDensity(1)` అని రాస్తే ఇది ఆగుతుంది. రెండోది, బ్రౌజరు 120 చిత్రాలను వరుసగా దించుకునేటప్పుడు వడి తట్టుకోలేక కొన్నిటిని వదిలేయడం. కదలిక అంతా గడియారం మీద కాక ఫ్రేము సంఖ్య మీద ఆధారపడి ఉంది కాబట్టి, `frameRate(5)` అని వేగం తగ్గించి నిదానంగా దించుకున్నా ఫలితం మారదు. `randomSeed` కు, `noiseSeed` కు ఒక స్థిర సంఖ్య ఇచ్చి ఉంచితే, నెలల తరువాత మళ్లీ తయారుచేసినా అవే చుక్కలు అవే దారుల్లో వస్తాయి. ఫోల్డరులో సరిగ్గా 120 చిత్రాలు ఉన్నాయని లెక్కపెట్టుకున్న తరువాత, ఈ ఒక్క ఆజ్ఞతో వీడియో తయారవుతుంది:

```
ffmpeg -framerate 30 -i f%03d.png -c:v libx264 -crf 14 -pix_fmt yuv420p intro.mp4
```

ఆ వీడియో సొంత కంప్యూటరులో ఎంత తేటగా ఉన్నా, ప్రేక్షకుడు చూసేది అది కాదు. యూట్యూబ్ వంటి వేదికలు తమకు అందిన ప్రతి వీడియోనూ మళ్లీ కుదిస్తాయి, రేణువుల చిత్రాలకు అసలు పరీక్ష అక్కడే. వీడియోను కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. అది ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచుకోదు; చిత్రాన్ని చిన్న గడులుగా విభజించి, ఈ గడి కిందటి ఫ్రేములో ఎక్కడినుంచి జరిగి వచ్చిందో ముఖ్యంగా రాసుకుంటుంది. విస్తృతంగా వాడే H.264 కోడెక్‌లో మూల గడి 16 పిక్సెళ్ల చదరం. ఒకే గడిలోని రెండు చుక్కలు రెండు దిక్కులకు పోతే, జరిగిందని రాసుకోవడానికి ఒకే దిశ దొరకక, కోడెక్ ఆ గడిని ఎక్కువ డేటాతో వర్ణించవలసి వస్తుంది. అటువంటి గడులు వేలల్లో ఉంటే, కేటాయించిన డేటా చాలక చిత్రం ముద్దముద్దగా, చదరపు మరకలుగా మారుతుంది. చుక్కలను ఎడమ నుంచి కుడికి వరుసగా జతచేయడం, ఊగిసలాటను పొరుగుతో కలపడం, చుక్కల సంఖ్యను వందల్లోనే ఉంచడం ఇక్కడ రెండోసారి ఫలిస్తాయి. కంటికి ఒకే ప్రవాహంగా కనిపించినది కోడెక్‌కూ రాసుకోవడానికి సులువుగా ఉంటుంది.

రంగుల విషయంలో కూడా కోడెక్ ఒక షరతు పెడుతుంది. పై ఆజ్ఞలోని `yuv420p` అనే మాటకు అర్థం, వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించడం. నీలం నేపథ్యం మీద అంతే వెలుగున్న ఎర్ర చుక్కలు పెడితే, తేడా అంతా రంగులోనే ఉంది కాబట్టి, చుక్కలు తమ అంచులు పోగొట్టుకుని కారిపోయినట్టు కనిపిస్తాయి. ఒక ఫ్రేమును నలుపు తెలుపులోకి మార్చి చూసి, అక్కడ కూడా బొట్టు స్పష్టంగా ఉంటే ఆ రంగుల జత పనికొస్తుంది. ముదురు నీలినలుపు మీద కొంచెం పసుపు కలిసిన తెలుపు ఈ ఉదాహరణకు సరిపోయింది. నేపథ్యంలో ఒక రంగు నుంచి మరో రంగుకు మెల్లగా జారే ఛాయలు పెట్టకపోవడం మంచిది, అవి కుదింపులో పట్టీలుగా విరుగుతాయి.

చివరి పరీక్షకు వీడియోను ఇతరులకు కనిపించని స్థితిలో ఎక్కించి, వేదిక దానిని పూర్తిగా సిద్ధం చేసేదాకా ఆగి, ఫోనులో నిలువుగా పట్టుకుని, నాణ్యతను 360కి దించి చూడాలి. 66వ ఫ్రేము ప్రాంతంలో ఆపినప్పుడు కుండ, 80 దాటాక ఆపినప్పుడు బొట్టు కనబడాలి. చుక్కలు ప్రయాణించే మధ్య భాగంలో మాత్రమే మరకలు కనిపిస్తే, చుక్కల సంఖ్యను 700 నుంచి 500కు తగ్గించి, కనీస దూరాన్ని 12కు, చుక్క వ్యాసాన్ని 6కు పెంచాలి. నిలిచిన బొట్టు మీద కూడా మరకలుంటే దోషం చుక్కలది కాదు, ఎక్కించిన వీడియోది. `-crf` విలువను 14 నుంచి 10కి దించి మళ్లీ తయారుచేయాలి. కొన ఉన్నా అది కొనగా తెలియకుండా మొద్దుగా కనిపిస్తే, సన్నని కొనలో చాలినన్ని చుక్కలు పట్టలేదన్నమాట; సూత్రంలోని ఘాతాన్ని 1.5 నుంచి 1.3కు తగ్గించి ఆ యాభై చుక్కలకు మరికొంత చోటివ్వాలి, అప్పుడు కొన కొంచెం వెడల్పై అందులో మరికొన్ని చుక్కలు పడతాయి.